పసిబిడ్డ మాడు మీద పక్కు కడితే ఏం పెట్టాలి: కొబ్బరి నూనా, ఆముదమా, బేబీ ఆయిలా, ఏమీ వద్దా

నెల నిండిన బిడ్డకి మాడు మీద పసుప్పచ్చగా, జిడ్డు జిడ్డుగా పక్కు కట్టిందంటే చాలు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో సీసా తెస్తారు. అమ్మమ్మ ఆముదం అంటది, నాయనమ్మ కొబ్బరి నూనె అంటది, పక్క ఫ్లాట్ ఆంటీ జైతూన్ తేల్ అంటది, మెడికల్ షాపు అబ్బాయి ఒక ట్యూబ్ చేతిలో పెడతాడు, ఇక బాలింత ఎవరి మాట వినాలో తెలీక రోజుకొకటి మారుస్తా ఉంటది. అందుకే ఇవన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు పనిచేస్తది, ఏది ఎవరికి కుదరదు అని రాస్తున్నా. డాక్టర్లు దీన్ని క్రేడిల్ క్యాప్ అంటారు, మనం పక్కు అనే అనుకుందాం.

ముందు ఇది ఎందుకొస్తదో చెప్తా, ఎందుకంటే అది అర్థమైతే సగం సీసాలు వాటంతట అవే పక్కకి పోతయి.

కడుపులో ఉన్నప్పుడు తల్లి హార్మోన్లు కొన్ని బిడ్డకి చేరతాయి. పుట్టాక కూడా కొన్ని నెలలు వాటి ప్రభావం ఉంటది, దాంతో బిడ్డ తలలో నూనె గ్రంథులు కొంచెం ఎక్కువగా పనిచేస్తాయి. ఆ జిడ్డు మీద మలస్సీజియా అనే ఒక ఈస్టు బతుకుతది, ఇది పెద్దవాళ్ళ చర్మం మీద కూడా మామూలుగా ఉండేదే, బయట నుంచి అంటుకున్న రోగం కాదు. ఆ ఈస్టు కొవ్వుని తిని వదిలే పదార్థాలకి చర్మం కొంచెం చిరాకు పడి తొందర తొందరగా పొట్టు తయారు చేస్తది, ఆ పొట్టు రాలిపోకుండా జిడ్డుతో అతుక్కుని పెచ్చులా గట్టిపడతది. సాధారణంగా మూడు వారాల నుంచి మూడు నెలల మధ్య మొదలవుతది, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఏం చేయకపోయినా పోతది.

కాబట్టి ఇది స్నానం సరిగ్గా చేయించకపోవడం వల్ల వచ్చింది కాదు, తల్లి వంకాయ తిన్నందుకో పల్లీలు తిన్నందుకో వచ్చింది అంతకన్నా కాదు. దీని కోసం బాలింతకి పథ్యం పెంచి కారం పొడి అన్నం మీద కూర్చోబెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, దయచేసి ఆ పని చేయకండి, పాలిచ్చే మనిషికి తిండి కావాలి. పిల్లాడి తల పక్కుకీ ఆమె కంచానికీ సంబంధం లేదు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

నేనైతే మూడే మూడు అడుగుతా. ఒకటి, ఆ పెచ్చుని మెత్తబరుస్తదా. రెండు, పెట్టింది మొత్తం కడిగితే పోతదా. మూడు, చర్మానికి మంట గానీ బిడ్డకి వేరే ప్రమాదం గానీ తెస్తదా.

ఇందులో అందరూ మొదటిదే చూస్తారు, నా లెక్కలో రెండోదే పెద్దది. ఎందుకంటే పైన చెప్పినట్టు ఈ ఈస్టు బతికేదే కొవ్వు మీద. నూనె పెట్టి పావుగంటకి కడిగేస్తే అది మందు, అదే నూనె పొద్దున పెట్టి సాయంత్రం దాకా వదిలేస్తే దానికి మేత వేసినట్టు. నూనె పెడుతున్నా తగ్గట్లేదు అని చెప్పే ఇళ్ళల్లో చాలాసార్లు జరిగేది ఇదే, నూనె మీద నూనె, దాని మీద దుమ్ము, దాని మీద మళ్ళీ పొట్టు, పక్కు ఇంకా మందం అయితది.

ఏమీ పెట్టకుండా వదిలేయడం

దీన్ని ఎవరూ ఆప్షన్ లాగా చూడరు గానీ చాలామంది పిల్లలకి ఇదే సరిపోతది. పలచటి పొట్టు, చుండ్రులాగా రాలుతుంది, కింద చర్మం మామూలుగా ఉంది, బిడ్డ గోక్కోవట్లేదు, పాలు తాగుతున్నాడు, నిద్రపోతున్నాడు అంటే నూనె జోలికే పోనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని బేబీ షాంపూ, రోజు విడిచి రోజు తల స్నానం, అంతే. ఇబ్బంది ఒక్కటే, చుట్టాలు వచ్చి చూసి ఏంటిది ఇట్లా వదిలేశారు అంటారు, దాన్ని తట్టుకోవాలి.

బేబీ ఆయిల్, వాసెలిన్

మందంగా అతుక్కున్న పెచ్చుకి నేను మొదట చెప్పేది ఇదే. బేబీ ఆయిల్ అని అమ్మేవాటిలో చాలావరకు లిక్విడ్ పారఫిన్, అంటే మినరల్ ఆయిల్. ఇది మొక్కల నుంచి వచ్చే నూనె కాదు, ఈస్టు దీన్ని తినలేదు. పలచగా ఉంటది, పెచ్చు కిందకి దిగుతది, షాంపూకి తేలిగ్గా పోతది. సీసా వెనక చూసి సువాసన తక్కువున్నది, అసలు లేనిదైతే ఇంకా మంచిది, తీసుకోండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తున్నా, ఇంట్లో రెండేళ్ళ అక్కో అన్నో ఉంటే ఆ సీసా అందనంత ఎత్తులో పెట్టండి. ఈ నూనె పొరపాటున నోట్లో పోసుకుంటే ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది, వంటింటి నూనెలా తేలిగ్గా తీసుకునేది కాదు.

వాసెలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ కనుబొమ్మలకి బాగుంటది. పక్కు కనుబొమ్మల్లో, చెవి వెనక కూడా కడతది కదా, అక్కడ నూనె పెడితే కంట్లోకి కారుతది, జెల్లీ అయితే పెట్టిన చోటే ఉంటది, వేలి కొసతో బియ్యపు గింజంత చాలు. జుట్టు ఒత్తుగా ఉన్న తలకి మాత్రం వద్దు, రెండు మూడు తలస్నానాలకి గానీ వదలదు.

కొబ్బరి నూనె

ఇంట్లో ఉంటది, బిడ్డకి అలవాటైన వాసన, మెత్తబరచడంలో బేబీ ఆయిల్‌కి దాదాపు సమానం, కడిగితే బాగానే పోతది. మొక్క నూనె కాబట్టి తలలో వదిలేయకూడదు అన్న ఒక్క షరతు మీద నేను దీన్ని రెండో స్థానంలో పెడతా. కొత్తగా ఏదీ కొనే పని లేకుండా, అత్తమ్మతో మాట పెంచుకోకుండా ఈ రాత్రే మొదలుపెట్టాలి అనుకునే వాళ్ళకి ఇదే మంచిది. కర్పూరం, మెంతులు, వేపాకు ఇట్లా ఏవీ వేసి కాచనిది, మామూలు సాదా నూనె తీసుకోండి, కర్పూరం అసలే వద్దు, పసిపిల్లలకి అది ప్రమాదం.

ఆముదం

మన ఇళ్ళల్లో మాడుకి ఆముదం అనేది తరాల నుంచి ఉన్న మాట, చలవ చేస్తది, మాడు గట్టిపడతది అంటారు. మాడు మూసుకోవడం ఎముకలు పెరిగి వాటంతట అవే జరిగే పని, చాలామందికి ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య అయిపోతది, ఏ నూనె దాన్ని తొందర చేయదు. పక్కు విషయానికొస్తే ఆముదం మెత్తబరుస్తది, కాదనను, కానీ ఎంత చిక్కగా ఉంటదో తెలుసు కదా, ఒక్క షాంపూకి పోదు, రెండోసారి రుద్దాలి, అంత రుద్దితే లేత చర్మం ఎర్రబడతది. పైగా దీన్ని పెట్టేవాళ్ళు ఎక్కువగా కడిగే ఉద్దేశంతో పెట్టరు, మాడు నిండా పోసి అట్లా వదిలేస్తారు. పక్కు ఉన్నన్నాళ్ళు ఆముదం ఆపమనే నా సలహా. పెద్దావిడ ఒప్పుకోకపోతే రెండు చుక్కల ఆముదం కొబ్బరి నూనెలో కలిపి పెట్టనీయండి, కడగడం మాత్రం మీ చేతిలో పెట్టుకోండి.

జైతూన్, ఆవనూనె, నువ్వుల నూనె, పల్లీ నూనె

జైతూన్ అంటే ఆలివ్ నూనె, పాతబస్తీ వైపు ఇళ్ళల్లో పసిపిల్లల మాలిష్‌కి దీన్నే వాడతారు, పక్కు మెత్తబడడానికి కూడా చాలా చోట్ల ఇదే చెప్తారు. కానీ దాన్లో ఓలియిక్ యాసిడ్ ఎక్కువ, అది చర్మం పై పొరని కాస్త బలహీనం చేస్తది అని తేలింది, తామర, అంటే ఎగ్జిమా ఉన్న కుటుంబాల్లో పిల్లలకి అసలు మంచిది కాదు. ఆవనూనె ఘాటు, మంట పుట్టిస్తది, వద్దు. పల్లీ నూనె కూడా వద్దు, చిట్లిన చర్మం మీద నుంచి పల్లీ అలర్జీ మొదలయ్యే భయం ఉంది. నువ్వుల నూనె గురించి పెద్దగా చెప్పేది లేదు, కొబ్బరి నూనె ఉండగా దీని అవసరం రాదు.

నలుగుపిండి, కుంకుడు, నిమ్మరసం

శనగపిండితోనో పెసరపిండితోనో నలుగు పెట్టి రుద్దితే పక్కు లేచి వస్తది, నిజమే, దాంతో పాటు కింద లేత చర్మం కూడా లేస్తది. అట్లా లేచిన చోట నీరు కారి పుండు అయితే అసలు పక్కు కన్నా అది పెద్ద సమస్య. కుంకుడు రసం కంట్లో పడితే బిడ్డ పడే బాధ చూడలేం. నిమ్మరసం, వెనిగర్, పెరుగు, బేకింగ్ సోడా, ఏదీ పసితలకి పనికిరాదు. స్నానం చేయించే ఆవిడ వస్తే ఒళ్ళంతా ఆవిడ ఇష్టం, తల మాత్రం నలుగు లేకుండా షాంపూతోనే అని ముందే చెప్పండి. సాంబ్రాణి పొగ తలకి పట్టడం వల్ల పక్కు తగ్గదు, పొగ మాత్రం ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకి పోతది.

గుండు చేయించడం

పుట్టు వెంట్రుకలు తీయిస్తే పక్కు దాంతోనే పోతది అని యాదగిరిగుట్టకి ముహూర్తం ముందుకి జరుపుతారు కొందరు. జుట్టు లేకపోతే నూనె, షాంపూ చర్మానికి బాగా తగులుతయి, ఆ మేరకు లాభం ఉంది. కానీ ఎత్తుగా కట్టిన పెచ్చు మీద కత్తి ఆడిస్తే కోసుకోకుండా ఉండడం కష్టం. మొక్కు ఉంటే తీర్చుకోండి, పక్కు తగ్గాక తీర్చుకోండి. పెచ్చుతో పాటు కొన్ని వెంట్రుకలు ఊడొస్తాయి, అవి మళ్ళీ వస్తాయి, దానికి భయం వద్దు.

అన్నీ ఒక్క చోట చూడాలనుకునే వాళ్ళకి:

| ఏది | మెత్తబరుస్తదా | కడిగితే పోతదా | ఎవరికి |
|---|---|---|---|
| ఒట్టి షాంపూ | కొంచెం | నూనె సమస్యే లేదు | పలచటి పొట్టు ఉన్నవాళ్ళకి |
| బేబీ ఆయిల్ | బాగా | తేలిగ్గా | మందం పెచ్చుకి, మొదటి ఎంపిక |
| వాసెలిన్ | బాగా | కష్టం | కనుబొమ్మలు, చెవి వెనక |
| కొబ్బరి నూనె | బాగా | బాగానే | ఇంట్లో ఉన్నదే వాడాలనుకుంటే |
| ఆముదం | బాగా | చాలా కష్టం | పక్కు ఉన్నన్నాళ్ళు ఆపండి |
| జైతూన్ | బాగా | పర్లేదు | తామర ఉన్న కుటుంబాలు వద్దు |
| నలుగు, కుంకుడు | గీరుతది | పోతది | ఎవరికీ వద్దు |

ఒక బాబు తల మీద ఎట్లా చేశామంటే

మా చెల్లి వాళ్ళది నిజాంపేట, బోరు నీళ్ళు, ఎండాకాలం ట్యాంకర్. బాబుకి ఆరో వారంలో మాడు ముందు భాగంలో అరచేతిలో సగమంత పెచ్చు, తేనె రంగులో, అంచులు లేచి, వెనక వైపు తల మాత్రం శుభ్రం. ముందు వైపే ఎందుకంటే రోజూ పొద్దున ఆముదం పడేది అక్కడే, స్నానంలో ఎవరూ చెయ్యి పెట్టనిదీ అక్కడే. మాడు కొట్టుకుంటా కనిపిస్తుంటే తాకడానికే భయం కదా అందరికీ. నిజానికి ఆ మెత్తటి చోట చర్మం కింద గట్టి పొర ఉంటది, వేళ్ళ మెత్తని భాగంతో మెల్లగా తుడిస్తే ఏమీ కాదు, గోరు తగలకూడదు, నొక్కకూడదు, అంతే.

ముందు ఆముదం ఆపించాం. తర్వాత పద్ధతి ఇది. స్నానానికి పావుగంట ముందు అర చెంచా బేబీ ఆయిల్ అరచేతిలో పోసుకుని, రెండు చేతులు రుద్దితే వచ్చే వేడి చాలు, స్టవ్ మీద పెట్టక్కర్లేదు, పెచ్చు మీద మాత్రమే అద్దాలి, తలంతా కాదు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. అప్పుడు మెత్తటి బేబీ బ్రష్‌తోనో పాత నూలు బట్టతోనో చిన్న చిన్న గుండ్రాలుగా ఒక నిమిషం తిప్పాలి. లేచినంత లేస్తది, లేవనిది వదిలేయాలి. ఇక్కడే అందరి చెయ్యి ఆగదు, ఒక అంచు లేచిందంటే గోటితో మిగతాది కూడా లాగేయాలనిపిస్తది, లాగితే కింద తడిగా ఎర్రగా కనిపిస్తది, అది సూక్ష్మజీవులకి తలుపు తెరిచినట్టే.

తర్వాత షాంపూ, రూపాయి బిళ్ళంత, నీళ్ళతో కలిపి నురగ చేసి. ఒకసారి కడిగాక తల మీద వేలు పెట్టి చూడండి, జారుతుంటే నూనె ఇంకా ఉంది, రెండోసారి అంతే షాంపూ పెట్టండి. బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టి పోసే ఇళ్ళల్లో తల కొంచెం కిందకి వాలేట్టు పెడితే నీళ్ళు వెనక్కి పోతాయి, కళ్ళల్లో పడవు. బోరు నీళ్ళకి సబ్బు వాడితే తెల్లటి తెట్టు జుట్టుకి పట్టి అదే పొట్టులా కనిపిస్తది, అందుకే తలకి సబ్బు వద్దు షాంపూనే, చివరి చెంబు మాత్రం తాగే నీళ్ళు గోరువెచ్చగా చేసి పోయమన్నాం. తుడిచాక టోపీ పెట్టొద్దు, తల ఆరనివ్వాలి, ఎండాకాలంలో ఉన్ని కుల్లా కింద చెమటతో అది ఇంకా చిరాకు పడతది.

ఇట్లా రోజు విడిచి రోజు. మొదటి వారం పెద్దగా తేడా లేదు, పైన పెచ్చు పలచబడింది అంతే, మా చెల్లి అత్తమ్మ మళ్ళీ ఆముదం సీసా తీసింది కూడా. రెండో వారంలో ముక్కలు ముక్కలుగా బ్రష్‌కి రావడం మొదలైంది, మూడో వారం చివరికి పలచటి పొట్టు మిగిలింది. అప్పుడు నూనె పూర్తిగా మానేసి వారానికి రెండు మూడు సార్లు షాంపూ ఒక్కటే. మధ్యలో ఒకసారి చెవి వెనక తిరిగి వచ్చింది, అది మామూలే, మళ్ళీ నాలుగు రోజులు చేస్తే పోయింది.

పెచ్చు పోయిన చోట చర్మం చుట్టూ కన్నా తెల్లగా కనిపించేసరికి ఇంట్లో బొల్లి ఏమో అని కంగారు పడ్డారు. మన రంగు చర్మానికి ఇట్లా లేత మచ్చలు పడటం సహజం, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో రంగు కలిసిపోతది. పుస్తకాల్లో, ఫొటోల్లో ఎర్రగా చూపిస్తారు గానీ చామనఛాయ, నల్లటి పిల్లల్లో ఎరుపు కనపడకపోవచ్చు, లేత మచ్చలే కనపడొచ్చు, గుర్తుపెట్టుకోండి.

మందు వాడాల్సింది ఎప్పుడు

మూడు నాలుగు వారాలు సరిగ్గా చేసినా కదలకపోతే, ముఖానికి, మెడ మడతల్లోకి, డైపర్ చోటుకి పాకితే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళు ఆ ఈస్టుని తగ్గించే కీటోకొనజోల్ షాంపూ కొన్ని రోజులు ఇవ్వొచ్చు, చర్మం బాగా చిరాకుగా ఉంటే హైడ్రోకార్టిసోన్ అనే తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ కొద్ది రోజులు రాయొచ్చు. ఇవి మంచి మందులే, లెక్క ప్రకారం వాడితే. మీ అంతట మీరు కొనకండి, ముఖ్యంగా మెడికల్ షాపులో అన్నిటికీ పనిచేస్తది అని ఇచ్చే ట్యూబులు, వాటిల్లో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపి ఉంటాయి, పసితలకి రాస్తే చర్మం పలచబడిపోతది. పెద్దవాళ్ళ చుండ్రు షాంపూ కూడా వద్దు, సాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి అయితే అసలే వద్దు, పసిపిల్లల చర్మం నుంచి అది ఒంట్లోకి ఎక్కుతది.

ఇంకొన్ని ఉన్నాయి, అవి పక్కు కాకపోవచ్చు. బిడ్డ తలని పరుపుకేసి రుద్దుకుంటా, దురదతో నిద్రపోకుండా ఉంటే అది తామర కావచ్చు, దానికి దారి వేరు. పెచ్చు కింద నుంచి నీరో చీమో కారడం, వాసన, ముట్టుకుంటే వేడి ఉంటే ఇన్ఫెక్షన్, అదే రోజు చూపించాలి. పెచ్చుల మధ్య రక్తపు చుక్కల్లాంటి మచ్చలు ఉన్నా, ఒంటి నిండా పొలుసులతో పాటు విరేచనాలు అవుతున్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకండి. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం ఉంటే తలతో సంబంధం ఉన్నా లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, రాత్రయినా సరే, మీకు దగ్గరలో ఉన్న పిల్లల ఆసుపత్రి గానీ హైదరాబాద్ రెడ్‌హిల్స్ దగ్గర నిలోఫర్ గవర్నమెంట్ దవాఖాన గానీ.

ఇవేవీ లేకుండా ఒట్టి పక్కే అయితే ప్రత్యేకంగా పరిగెత్తే పని లేదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలు ఎట్లాగూ ఉంటాయి, పక్కు ఎక్కువగా ఉండే కాలం కూడా అదే. ఆ రోజు తలకి నూనె రాయకుండా తీసుకెళ్ళండి, నూనె ఉంటే డాక్టర్‌కి చర్మం కనపడదు, ఇప్పటిదాకా ఏమేం పెట్టారో, అమ్మమ్మ పెట్టినవీ నాయనమ్మ పెట్టినవీ కలిపి అన్నీ చెప్పండి.